పొడవైన ముక్క

పుల్లల మేడం అసలు పేరు ఆ కాలేజీలో సగం మందికి తెలియదు. తెలుసుకోవాల్సిన అవసరమూ ఎవరికీ పడలేదు. స్టాఫ్ రూము తలుపు మీద పర్మనెంటు లెక్చరర్ల పేర్లు పెయింటుతో రాయించి ఉంటాయి. కాంట్రాక్టు వాళ్ళ పేర్లు కాగితం ముక్కల మీద రాసి టేపుతో అంటిస్తారు, విద్యా సంవత్సరం అయిపోగానే పీకేస్తారు. పద్నాలుగేళ్ళుగా ఆవిడ పేరు ఆ తలుపు మీద అంటుకుంటూ, ఊడుతూ వస్తోంది. ప్రతి వేసవిలోనూ ఆవిడ కొత్తగా అర్జీ పెట్టుకుంటుంది, ప్రతిసారీ హెచ్‌ఓడీ గారు ఆవిణ్ణి అప్పుడే మొదటిసారి చూస్తున్నట్టు మొహం పెట్టి సంతకం చేస్తారు.

పుల్లల మేడం అనే పేరు మాత్రం ఎవరూ పీకలేనిది. సంభావ్యత పాఠం వచ్చినప్పుడల్లా ఆవిడ బొమ్మరిళ్ళు చేసేవాళ్ళు వాడే సన్నటి చెక్కపుల్లలు, ఒక్కోటి ముప్ఫై సెంటీమీటర్లవి, కట్టలు కట్టలుగా క్లాసుకు మోసుకొస్తుంది. ఒక డబ్బాలో ఒకటి నుంచి రెండువందల తొంభై తొమ్మిది దాకా అంకెలు వేసిన చీటీలు ఉంటాయి. ఒక్కొక్కళ్ళూ రెండు చీటీలు తీయాలి, అన్ని మిల్లీమీటర్ల దగ్గర పుల్ల మీద పెన్సిలు గీత పెట్టాలి, ఆ రెండు గీతల దగ్గరా కత్తిరించాలి. వచ్చిన మూడు ముక్కలతో బల్ల మీద త్రిభుజం పేర్చి చూడాలి. కుదిరినవాళ్ళు చెయ్యెత్తాలి. పుల్లలు పట్టుకున్న డిగ్రీ పిల్లలు మొదట కిసుక్కున నవ్వుతారు. కాసేపటికి నవ్వు మానేసి పక్కవాడి ముక్కలు కూడా చూడడం మొదలుపెడతారు. ఆవిడకు కావలసింది అదే.

త్రిభుజం కుదరాలంటే ఏ ముక్కా అసలు పుల్లలో సగానికి చేరకూడదు, అంతే. ఒక్క ముక్క సగానికి మించిందంటే మిగతా రెండూ కలిపినా దాన్ని అందుకోలేవు, చేతులు చాచి మధ్యలో ఆగిపోతాయి. పుల్ల మొత్తం మీద రెండు గీతలూ ఇష్టమొచ్చినచోట పడితే త్రిభుజం కుదిరే అవకాశం సరిగ్గా పావు వంతు. క్లాసులో పాతికమందికి పైగా ఉంటే ఆరో ఏడో చేతులు లేస్తాయి, ఒక్కోసారి తొమ్మిది లేస్తాయి.

ఇంతవరకూ గొడవ లేదు. గొడవంతా టెక్స్ట్ బుక్కులో ఆ లెక్క కిందే ఉన్న మరో లెక్కతో. 'ఒక పుల్లను మొదట ఒకచోట విరిచి, వచ్చిన రెండు ముక్కలలో పొడవైనదాన్ని మళ్ళీ ఒకచోట విరిస్తే త్రిభుజం ఏర్పడే సంభావ్యత ఎంత?' అని ప్రశ్న. జవాబు దగ్గర మళ్ళీ పావు వంతే అచ్చేశారు. రెండుసార్లు విరవడమే కదా, ఒకేసారి విరిచినా ఒకదాని తరవాత ఒకటి విరిచినా ఏం తేడా అనుకున్నాడు గ్రంథకర్త. తేడా ఉంది. రెండో విరుపును పుల్ల మొత్తం మీద పడనివ్వడం వేరు, పొడవైన ముక్క మీదే పడేలా చూడడం వేరు. పొట్టిదాన్ని విరిస్తే త్రిభుజం ఎటూ రాదు. ఆ దండగ విరుపులన్నీ ముందే తీసేశాక అవకాశం పెరక్క ఏమవుతుంది?

ఈ సంగతి ఆవిడ ఆ ఏడాది క్లాసులో దాచలేదు. చీటీలతోనే మొదటి విరుపు, పొడవైన ముక్కకు సరిపోయే చీటీ వచ్చేదాకా తీసి రెండో విరుపు చేయించింది. ఇరవై ఆరు మందిలో పదకొండు చేతులు లేచాయి. అప్పుడు బోర్డు మీద లెక్క కట్టి చూపించింది. రెండు ఇంటూ నేచురల్ లాగ్ రెండు, మైనస్ ఒకటి. దాదాపు సున్నా పాయింటు మూడు ఎనిమిది ఆరు.

"మరి పుస్తకంలో పావు అని ఉంది కదా మేడం, పరీక్షలో వస్తే?" అని ఎవరో అడిగారు.

"నిజమే రాయండి. దిద్దేవాళ్ళతో నేను మాట్లాడతాను," అంది ఆవిడ. అన్నప్పుడు నిజంగానే అంది. ఆ రోజు ఆవిడ గొంతులో తేడా ఏమీ లేదని ఆ క్లాసులో ఉన్న ఎవరినడిగినా చెబుతారు.

ఆ ఇరవై ఆరు మందిలో చిట్టి ఒకతె. చిట్టి ఆవిడ అక్క కూతురు. అక్కది ఏడాదికో ఊరు తిరిగే ఉద్యోగం కావడంతో, ఏడో తరగతి నుంచీ ఈ పిల్ల పిన్ని దగ్గరే పెరిగింది. పిన్నికి పిల్లలు లేరు. కాలేజీలో 'మేడం' అని, గేటు దాటగానే 'పిన్నీ' అని పిలుస్తుంది. ఎవరు లెక్క తప్పినా వాళ్ళెవరని చూసే అలవాటు లేదు దానికి. చిన్నప్పుడు కొట్టువాడు కూడిక తప్పితే ఆ కొట్టు ముందే నిలబడి దిద్దించేది. "నీ పెంపకమే," అని మురిసిపోయేవాడు బాబాయ్. పిన్ని కూడా మురిసిపోయేది. ఏం, తప్పా?

ఇలా ఉండగా పద్నాలుగేళ్ళ తరవాత ఒక్క పర్మనెంటు పోస్టు పడింది. ఒక్కటంటే ఒక్కటే. పోటీకి నిన్నమొన్న డాక్టరేటు చేతికొచ్చిన కుర్రాడు ఒకడు, ఈవిడ. కాగితాల్లో అతనిది పైచేయి. ఇక మిగిలింది డెమో క్లాసు. చీటీలో వచ్చిన పాఠాన్ని అసలు విద్యార్థులకే, సెలెక్షన్ కమిటీ ముందు చెప్పి చూపించాలి. చీటీ విప్పితే సంభావ్యత, పుల్ల లెక్క. అదృష్టం ఇంటి తలుపు తట్టిందనుకుంది ఆవిడ. ఆ వెంటనే హెచ్‌ఓడీ గారు పక్కకు పిలిచి, బయటి నిపుణుడిగా వస్తున్నది ఎవరో చెప్పారు. టెక్స్ట్ బుక్కు రాసిన గ్రంథకర్త.

"ఆయన పెద్దమనిషి. కాస్త అభిమానం ఎక్కువ. మీరు మీ పాఠం మీరు చెప్పుకోండి, ఆ రెండో లెక్క జోలికి పోకండి," అన్నారు హెచ్‌ఓడీ. ఆయనకూ తెలుసన్నమాట. అందరికీ తెలుసు. "ఇంకో మాట. మీ అక్కగారి అమ్మాయి క్లాసులో ఉంటే ఉండనివ్వండి గానీ, నోరు మెదపకుండా చూసుకోండి."

ఇంటికొచ్చి ఆ మాటే చెప్పింది పిన్ని.

"నేనేం మాట్లాడతాను పిన్నీ? నువ్వు తప్పు చెబుతావా ఏంటి?" అని నవ్వేసింది చిట్టి.

డెమో రోజు క్లాసు గదిలో వెనక బెంచీ తీసేసి మూడు కుర్చీలు వేశారు. ప్రిన్సిపాల్, హెచ్‌ఓడీ, మధ్యలో గ్రంథకర్త. ఆయన సన్నగా, శుభ్రంగా, మర్యాదగా ఉన్నాడు. విద్యార్థులను సైతం 'మీరు' అనే పిలిచాడు. చెడ్డవాడిలా కనిపించి ఉంటే ఆవిడ పని తేలికయ్యేది.

పాఠం ఎప్పటిలాగే సాగింది. చీటీలు తీశారు, గీతలు పెట్టారు, కత్తిరించారు. ఏడు చేతులు లేచాయి. ఆవిడ బోర్డు మీద సమబాహు త్రిభుజం ఒకటి గీసింది. దాని లోపల ఎక్కడ చుక్క పెట్టినా మూడు భుజాలకూ ఉన్న దూరాలు కలిపితే త్రిభుజం ఎత్తంత వస్తుంది కాబట్టి ఆ ఎత్తే మన పుల్ల, ఆ దూరాలే మన ముక్కలు అంది. భుజాల మధ్యబిందువులు కలిపితే నాలుగు సమానమైన చిన్న త్రిభుజాలు వచ్చాయి. చుక్క నడిమి దాంట్లో పడితేనే మూడు ముక్కలూ సగానికి లోపు ఉంటాయి. నాలుగింట ఒకటి. ఇంత సులువా అన్నట్టు క్లాసంతా ఒక్కసారి ఊపిరి వదిలింది. ప్రిన్సిపాల్ తల ఊపాడు. ఉద్యోగం చేతికి అందేంత దూరంలోకి వచ్చిందని ఆవిడకు అర్థమైంది.

"చాలా బాగుందమ్మా," అన్నాడు గ్రంథకర్త. "కానీ చీటీలూ కత్తెరా ఎందుకు, పుల్లలంటే విరవడానికే కదా. ఇంకో కట్ట ఉన్నట్టుంది. నా పుస్తకంలో రెండో లెక్క ఉంది చూడండి, అది చేతుల్తో చేయించండి. ఒకచోట విరవమనండి, పొడవైన ముక్కని మళ్ళీ విరవమనండి. పావు వంతు కళ్ళారా చూద్దాం."

ఆవిడ హెచ్‌ఓడీ వంక చూసింది. ఆయన కిటికీలోంచి చెట్టును చూస్తున్నారు.

పుల్లలు పంచింది. గదంతా టపటపమని చప్పుడు. మనుషుల చేతులకు పుల్ల దొరికితే ఎక్కడ విరుస్తారు? రెండు కొసలూ పట్టుకుని ఇంచుమించు మధ్యలో విరుస్తారు. మొదటి విరుపు మధ్యకు దగ్గరగా పడితే పొడవైన ముక్క సగం కంటే కాస్తే ఎక్కువ ఉంటుంది, ఇక దాన్ని ఎక్కడ విరిచినా దాదాపు త్రిభుజమే. లేచిన చేతులు లెక్కపెట్టాలంటే ఆవిడకు భయం వేసింది. లెక్కపెట్టింది. పదిహేడు.

"పదిహేడా?" గ్రంథకర్త నొసలు ముడిపడింది. "ఆరో ఏడో కదా రావాలి. ఏం జరిగిందంటారు?"

రెండు జవాబులున్నాయి. ఒకటి, చేతులు మధ్యకు పోతాయి, యాదృచ్ఛికంగా విరవవు అని. ఇది నిజం. రెండోది, చేతులు ఎంత నిష్పక్షపాతంగా విరిచినా ఈ లెక్కకు పావు రాదు, మీ పుస్తకం తప్పు అని. ఇదీ నిజమే. రెండూ చెబితేనే పాఠం పూర్తవుతుంది. ఆవిడకు పద్నాలుగు వేసవులు కళ్ళ ముందు కదిలాయి.

"పిల్లల చేతులండీ," అంది. "మధ్యలో విరవడం అలవాటు. అందుకే ఎక్కువ వచ్చాయి. నిజంగా యాదృచ్ఛికంగా విరిచి ఉంటే..." అని చేతిలో సుద్దముక్క బల్ల మీద పెట్టి, "మీరన్నట్టే వచ్చేది," అంది.

గ్రంథకర్త మొహం విప్పారింది. "చూశారా, ఎంత చక్కగా పట్టుకున్నారో. ప్రయోగానికీ సిద్ధాంతానికీ మధ్య తేడా అంటే ఇదే." ప్రిన్సిపాల్ ఏదో రాసుకున్నాడు.

అప్పుడు మూడో బెంచీలో చిట్టి లేచి నిలబడింది.

"మేడం, చేతులు సరిగ్గా విరిచినా ఆరు రావు కదా. పది వస్తాయి." దాని గొంతులో ఎదిరింపు లేదు. బోర్డు మీద అంకె జారిపోతే గుర్తు చేసే పిల్ల గొంతు. చేతిలో రెండు ముక్కలు పట్టుకుని చూపించింది. "పొట్టి ముక్క ఎంత పొడవుందో, పొడుగుదాని నడిమధ్యన అంత జాగాలోనే రెండో విరుపు పడాలి. అంటే పొట్టిదాన్ని పొడుగుదానితో భాగిస్తే ఎంతో అదే అవకాశం. దాని సగటు సున్నా పాయింటు మూడు ఎనిమిది ఆరు. మీరే చెప్పారు మేడం, చీటీలతో కూడా చేయించారు."

గ్రంథకర్త కుర్చీలో ముందుకు వంగి, ఆ పిల్లను కాదు, ఆవిణ్ణి చూశాడు. "మీరు అలా చెప్పారామ్మా?" అన్నాడు, ఇంకా మర్యాదగానే.

ఆ పిల్ల చెప్పినంత అందంగా ఆ లెక్కను ఆవిడ కూడా ఎన్నడూ చెప్పలేదు. ఇంకో రోజైతే పిలిచి బోర్డు దగ్గర నిలబెట్టేది, ఇంటికెళ్ళాక బాబాయ్‌కి పదిసార్లు చెప్పేది. ఆ గర్వం ఆ క్షణంలో కూడా లోపల ఎక్కడో కదిలింది, అదే ఘోరం.

"లేదండీ," అంది ఆవిడ. "నేను అలా చెప్పలేదు. కూర్చో."

చిట్టి కూర్చోలేదు. అర్థంకానట్టు చూస్తూ నిలబడింది. మిగతా పాతికమందీ తలలు దించుకుని బల్లల మీది ముక్కలు సర్దుకున్నారు. వాళ్ళందరికీ తెలుసు.

"కూర్చోమన్నానా," అని ఆవిడ మళ్ళీ అన్నాక కూర్చుంది.

ఉద్యోగం వచ్చింది. రెండేళ్ళు ప్రొబేషను, ఆ తరవాత రిటైరయ్యేదాకా ఎవరూ కదపలేరు. పెయింటరు వచ్చి తలుపు మీద పేరు రాశాడు, ఒక అక్షరం తప్పు పోతే తుడిచి మళ్ళీ రాశాడు. గ్రంథకర్త ఫోను చేసి అభినందించి, కొత్త ముద్రణలో రెండో లెక్క కింద 'విద్యార్థుల చేతులు మధ్యభాగంలో విరిచే అలవాటు వల్ల ప్రయోగ ఫలితం మారవచ్చు' అని ఒక గమనిక చేరుస్తున్నానని, ముందుమాటలో ఆవిడకు కృతజ్ఞతలు కూడా చెబుతున్నానని అన్నాడు. ఆవిడ థాంక్స్ చెప్పింది. ఇంకేం చెబుతుంది?

ఇంట్లో ఏ గొడవా జరగలేదు. జరిగి ఉంటే బాగుండేది. చిట్టి అలగలేదు, అన్నం మానలేదు, తలుపు ధడాలున వేసుకోలేదు. ఎప్పటిలాగే పొద్దున్నే లేచి తన పనులు తను చేసుకుంది. పిన్ని ఒకరోజు తనే కదిపింది.

"ఆ రోజు నా పరిస్థితి నీకు తెలియదు చిట్టీ. నోరు మెదపకు అని చెప్పానా లేదా?"

"చెప్పావు పిన్నీ. నాదే పొరపాటు," అంది చిట్టి. వాదించే పిల్ల వాదించకుండా ఒప్పుకుంటే ఎంత భయంగా ఉంటుందో అప్పుడు తెలిసింది పిన్నికి. అప్పటినుంచీ అది ఇంట్లో లెక్కలు అడగడం మానేసింది. బాబాయ్ ఒకటి రెండుసార్లు ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసి, తనకెందుకొచ్చిన గొడవ అన్నట్టు టీవీ పెట్టుకున్నాడు.

యూనివర్సిటీ పరీక్షల్లో ఆ రెండో లెక్క వచ్చింది. ఎనిమిది మార్కులు. పేపరు సెట్ చేసింది ఎవరో చెప్పక్కర్లేదు. వాల్యుయేషన్‌కు చీఫ్ కూడా గ్రంథకర్తే. పర్మనెంటు కాబట్టి ఈసారి పుల్లల మేడంకు కూడా దిద్దే అర్హత వచ్చింది. పొడుగాటి హాల్లో బల్లల చుట్టూ ముప్ఫైమంది లెక్చరర్లు కూర్చున్నారు. పేపర్లు పంచేముందు చీఫ్ ఒక్కో ప్రశ్నకూ జవాబు చదివి వినిపించాడు. ఆ లెక్క దగ్గరకు వచ్చి, "పావు వంతు. అభ్యంతరాలున్నవాళ్ళు ఇప్పుడే చెప్పండి, తరవాత వినను," అన్నాడు.

ఇదే ఆ సమయం. దిద్దేవాళ్ళతో నేను మాట్లాడతాను అన్నది ఈ సమయం గురించే. ఆవిడ చెయ్యి బల్ల మీద ఉంది. ప్రొబేషన్ పూర్తవడానికి ఇంకా ఏడాదిన్నర ఉంది, ఆ రిపోర్టు మీద సంతకం చేసేవాళ్ళలో హెచ్‌ఓడీ ఉన్నారు, హెచ్‌ఓడీ చీఫ్ పక్కనే కూర్చున్నారు. పైగా ఇప్పుడు లేస్తే, మరి ఆ రోజు అలా అన్నారేం అని అడగరూ? ఒక అబద్ధం ఆడాక నిజానికి ఎంత తోవ మూసుకుపోతుందో లెక్కల మనిషి కాబట్టి చటుక్కున తేల్చుకుంది. చెయ్యి బల్ల మీదే ఉండిపోయింది. చీఫ్ తరవాతి ప్రశ్నకు వెళ్ళాడు.

పేపర్ల మీద పేర్లుండవు, నంబర్లే. కానీ తను చెప్పిన పాఠం తనకు తెలియదా? ఒక పేపర్లో చీటీల ప్రయోగంతో సహా రాశారు. ఇంకో దాంట్లో పొట్టిదాన్ని పొడుగుదానితో భాగించి, లాగ్ దాకా ఒక్క మెట్టు కూడా తప్పకుండా కట్టారు. మూడోదాంట్లో ఎవరో అంతా సరిగ్గా రాసి, చివర్లో ధైర్యం చాలక మొత్తం అడ్డంగా కొట్టేసి, కింద పావు వంతు అని రాశారు. ఆ కొట్టివేతకు ఎనిమిది మార్కులూ వచ్చాయి. మిగతా ఇద్దరికీ సున్నా వెయ్యడానికి చెయ్యి రాక, ఆవిడ పేపర్లు పట్టుకుని చీఫ్ దగ్గరకు వెళ్ళింది.

"జవాబు తప్పండీ, కానీ బాగా కష్టపడి రాశారు," అంది. జవాబు తప్పు అన్నమాట ఆవిడ నోటినుంచే వచ్చింది.

ఆయన పేజీ తిప్పి చూసి నవ్వాడు. "మీకు జాలి ఎక్కువమ్మా. సరే, ప్రయత్నానికి ఒక మార్కు వెయ్యండి."

వేసింది. కూడి అట్ట మీద మొత్తం రాసింది. సాయంత్రం ఇంటికి వచ్చేసరికి చిట్టి ముందుగదిలో కూర్చుని ఆరిన బట్టలు మడతపెడుతోంది. పిన్ని చెప్పులు విప్పి ఎదురుగా కూర్చుంది. అడగకూడదనే అనుకుంది.

"ఆ పుల్ల లెక్కకి నువ్వేం రాశావే?"

"పావు వంతు," అంది చిట్టి, మడత మీంచి చూపు తిప్పకుండా.

పిన్ని ప్రాణం కుదుటపడింది. ఎనిమిదికి ఎనిమిది. అలా కుదుటపడినందుకు మరుక్షణమే తన మీద తనకు అసహ్యం వేసింది. "తప్పని తెలుసు కదా నీకు," అంది.

"నువ్వు చెప్పలేదన్నావుగా పిన్నీ. చెప్పని పాఠం ఎలా రాస్తాను?"

బాబాయ్ లోపలినుంచి ఎవరితోనో ఫోనులో మాట్లాడుతున్నాడు. చిట్టి ఒక చొక్కా తీసి చేతులు లోపలికి మడిచి, కాలరు సరిచేసింది.

"మిగతావాళ్ళు రాశారు," అంది. "ఉద్యోగం వచ్చేసింది కదా, ఇక అన్నట్టే మాట్లాడతావని, రాస్తామన్నారు. నేను వద్దని చెప్పలేదు. వాళ్ళకి ఎన్ని వేశావు?"

"ఒకటి."

చిట్టి అప్పుడు తలెత్తి చూసింది. కోపంగా కాదు, చిన్నప్పుడు కొట్టు ముందు నిలబడి కూడిక తేల్చుకునేటప్పుడు చూసినట్టు.

"దేనికి?"

"ప్రయత్నానికి," అంది పిన్ని.

చిట్టి మడతపెట్టిన బట్టల్లో పిన్నివి వేరు చేసి కుర్చీ మీద పెట్టి, మిగతావి ఎత్తుకుని లోపలికి వెళ్ళింది.